నలుగురిలో నా మాట కాదన్న జూనియర్ ఇంజనీరు

"స్లాబు కింద జాకీలు రేపు తీసేద్దాం" అన్నది నేనే.

పటాన్‌చెరు వైపు కడుతున్న ఐదంతస్తుల ఇళ్ల సముదాయం అది. డిసెంబరు నెల. మూడో అంతస్తు స్లాబు వేసి ఆ సోమవారానికి పది రోజులైంది. పై అంతస్తు సెంట్రింగ్ మొదలుపెట్టాలంటే కింద ఇరుక్కుపోయిన సామాను, అంటే పచ్చి స్లాబుకు అచ్చుగా వేసే రేకులూ, దాన్ని కింది నుంచి మోసే జాకీలూ బయటికి రావాలి. యజమాని తరఫు మనిషి ఒకరు, సెంట్రింగ్ కాంట్రాక్టరు, ఇద్దరు సైటు ఇంజనీర్లు, స్టోర్సు చూసే ఆయన, నేను బల్ల చుట్టూ ఉన్నాం. బల్ల చివర నాణ్యత విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుని ఉంది. ఉద్యోగంలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. అన్ని సమావేశాల్లోనూ ఆమె నోట నేను విన్నది "ఉన్నాయి సార్", "రాశాను సార్" అనే రెండు మాటలే.

నా మాట పూర్తయ్యాక కాంట్రాక్టరు ఫోను తీసి మేస్త్రికి చెప్పబోతున్నాడు. అప్పుడు బల్ల చివరి నుంచి ఆమె అంది: "రేపు తీయవద్దు సార్. ఎందుకో చెప్పడానికి రెండు నిమిషాలు ఇవ్వండి."

అది జరిగి రెండేళ్లయింది. పెద్దల మాటను చిన్నవాళ్లు ఎలా కాదనాలి అన్న చర్చ ఎక్కడ వచ్చినా సలహాలన్నీ చిన్నవాళ్లకే వెళ్తాయి. ధైర్యం తెచ్చుకోమంటారు, చిరునవ్వుతో చెప్పమంటారు, సమయం చూసి చెప్పమంటారు. ఆ రోజు నేను బల్లకు రెండో వైపు ఉన్నాను. ఒక మాట నాకు ఎందుకు చేరిందో, అంతకు ముందు అదే మాట ఎందుకు చేరలేదో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నిజానికి ఆమె ఆ విషయం చెప్పడం అది మొదటిసారి కాదు. మూడు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, మెట్లు దిగుతూ ఉంటే నా వెనకాలే వచ్చి "సార్, జాకీలు తీసే ముందు ఒకసారి క్యూబుల ఫలితాలు చూస్తే బాగుంటుందేమో సార్" అంది. క్యూబులంటే స్లాబుకు పోసిన కాంక్రీటునే అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక పగలగొట్టి బలం చూసే దిమ్మలు. "చూద్దాంలే అమ్మా" అన్నాను. ఆ మాట నా చెవిలో పడింది, అంతకు మించి వెళ్లలేదు. అబద్ధం చెప్పను, ఆ మాటలో ప్రమాదం ఉందని నాకు తోచనే లేదు. "బాగుంటుందేమో" అంటే చూడకపోయినా ఫరవాలేదని కదా మనకు అర్థం. మన భాషలో ఆ "ఏమో" చాలా పని చేస్తుంది. చెప్పేవారి వినయాన్ని చూపిస్తుంది, విన్నవారికి తప్పించుకునే దారి ఇస్తుంది. భోజనానికి పిలిచేటప్పుడు అది అందంగానే ఉంటుంది. కాంక్రీటు బలం గురించి చెప్పేటప్పుడు మాత్రం చెప్పవలసిన విషయాన్నే తినేస్తుంది.

1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం పైకి లేవడానికి పరుగు తీస్తుండగా దాని ఫ్లైట్ ఇంజనీరు, ఎదుటి విమానం రన్‌వే మీది నుంచి ఇంకా తప్పుకోలేదా అన్న అనుమానాన్ని ప్రశ్నగా బయటపెట్టాడు. కెప్టెన్ తప్పుకుందని గట్టిగా చెప్పాడు. ఇంజనీరు మళ్లీ మాట్లాడలేదు. అతనికి అనుమానం వచ్చింది, నోరు కూడా తెరిచాడు. ఆగమన్న మాట మాత్రం రాలేదు. విమానయానంలో కింది సిబ్బందికి మాట్లాడటం, కెప్టెన్లకు వినడం శిక్షణలో భాగం కావడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం. మా మెట్ల మీద జరిగిన సంభాషణ కూడా ఆ కోవలోదే. అడిగినది ప్రశ్నలా ఉంది, నేను జవాబిచ్చి ముందుకు నడిచాను.

సోమవారం ఆమె వాక్యంలో "ఏమో" లేదు. "తీయవద్దు" అంది. మర్యాద అంతా "సార్"లోనూ, రెండు నిమిషాలు అడగడంలోనూ, గొంతులోనూ ఉంది. విషయంలోకి మర్యాదను రానివ్వలేదు.

నాకు కోపం వచ్చింది. చెవులు వేడెక్కడం నాకు తెలిసింది. యజమాని మనిషి ముందు, కాంట్రాక్టరు ముందు, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి. "ఇరవై రెండేళ్లుగా స్లాబులు విప్పిస్తున్నానమ్మా. ఏడు రోజులకే తీయవచ్చని కోడ్‌లోనే ఉంది. మనం పది రోజులు ఆగాం" అన్నాను. గొంతు పెంచలేదు. ఆ "అమ్మా"ను మాత్రం కొంచెం నొక్కాను.

ఆమె పుస్తకం తెరిచింది. పొడుగాటి గళ్ల పుస్తకం, అట్ట మీద సిమెంటు వేళ్ల ముద్రలు. చెప్పినదంతా ఆ పుస్తకంలోంచే చెప్పింది.

"అవును సార్, ఐఎస్ 456లో 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఏడు రోజులే. పడకగదులన్నీ 3.6 మీటర్లు, వాటికి అది సరిపోతుంది. హాలు 5.4 మీటర్లు సార్. 4.5 దాటితే పద్నాలుగు రోజులు ఆగమంటుంది." ఐఎస్ 456 అంటే కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణాల పుస్తకం, మేము కోడ్ అనేది దాన్నే. దూలాల కింది జాకీలు ఉంచి స్లాబు కిందివి మాత్రమే తీయాలని నా ఆలోచన. గదుల కొలతలే నా మనసులో ఉన్నాయి. హాలును నేను లెక్కలోకే తీసుకోలేదు.

తర్వాత ఆమె చెప్పినది ఇంకా ముఖ్యం. ఆ రోజుల లెక్కకు కోడ్ మూడు షరతులు పెట్టింది. ఓపీసీ అనే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడాలి, వాతావరణం 15 డిగ్రీలకంటే కిందికి పోకూడదు, క్యూరింగ్ సరిగ్గా జరగాలి. మేము వాడినది బూడిద కలిసిన పీపీసీ. అది చివరికి మంచి బలమే ఇస్తుంది, మొదటి రోజుల్లో మాత్రం నెమ్మదిగా గట్టిపడుతుంది. డిసెంబరులో పటాన్‌చెరు చలి సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి కాపలా మనిషి గదిలో వేలాడదీసిన థర్మామీటరు చూసి ఆమె రోజూ రాసుకుంది. పదిలో ఆరు రాత్రులు పదిహేను కిందే. మూడు షరతుల్లో రెండు తప్పాయి. అలాంటప్పుడు రోజులు లెక్కపెట్టి లాభం లేదు, బలమే చూడాలి. కోడ్ కూడా అదే చెబుతుంది. జాకీలు తీసేటప్పుడు కాంక్రీటు మీద ఎంత ఒత్తిడి పడుతుందో, దానికి కనీసం రెట్టింపు బలం అప్పటికే వచ్చి ఉండాలి.

"క్యూబులు పాసయ్యాయి కదా" అన్నాడు సైటు ఇంజనీర్లలో ఒకడు. అతను నా వైపు నిలబడదామనుకున్నాడు, నాకూ హాయిగానే అనిపించింది.

మాది ఎం25 కాంక్రీటు. అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం రావాలి. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. ఏడో రోజున ల్యాబులో మూడు క్యూబులు 320, 340, 330 కిలోన్యూటన్ల దగ్గర పగిలాయి. దాన్ని ఆ వైశాల్యంతో భాగిస్తే సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 14.7 న్యూటన్లు. ఓపీసీకైతే ఏడు రోజులకు మూడింట రెండు వంతులు, అంటే పదహారు పదిహేడు చూడటం అలవాటు. 14.7 అంటే కాంక్రీటు చెడిపోయిందని కాదు, ఆలస్యంగా వస్తోందని. ఇంతవరకు మాకూ తెలిసినదే.

"అవి ల్యాబు నీళ్లలో 27 డిగ్రీల దగ్గర ఉన్న క్యూబులు సార్. స్లాబు బయట చలిలో ఉంది" అందామె. స్లాబు వేసిన రోజున మామూలుగా తీసే వాటికి తోడు మరికొన్ని క్యూబులు తీసి, వాటిని స్లాబు మీదే, అదే తడి గోనెపట్టాల కింద ఉంచిందట. శనివారం, ఎనిమిదో రోజున, వాటిలో మూడింటిని పగలగొట్టించింది. 288, 297, 279 కిలోన్యూటన్లు. సగటు 12.8. ల్యాబు క్యూబులకంటే ఒక రోజు పెద్దవి, అయినా బలం తక్కువ. పని జరిగే చోటి చలి, తడి ఎలా ఉంటాయో అలాంటి పరిస్థితుల్లోనే ఉంచిన కాంక్రీటు బలాన్ని జాకీల విషయంలో చూడాలని కోడ్‌లో ఉంది. అన్నేళ్లుగా ఆ కోడ్‌ను వాడుతూ ఆ వాక్యాన్ని నేను పక్కన పెట్టేశాను. నేను పనిచేసిన సైట్లలో విడిగా క్యూబులు తీసి స్లాబు మీద ఉంచినవారిని నేను చూడలేదు.

"క్యూబు సరిగ్గా దట్టించి ఉండకపోతే?" అని అడిగాను. ఇది కోపంతో అడిగినది కాదు, పని తెలిసినవాడు అడగవలసిన ప్రశ్నే. క్యూబులో బోలు ఉంటే బలం తక్కువ చూపిస్తుంది, తప్పు స్లాబుది కాదు. ఆమె వేలు పక్క వరసలోకి జరిపింది. మూడింటి బరువులు: 8.1, 8.2, 8.1 కిలోలు. నిండుగా దట్టించిన క్యూబు అంతే తూగుతుంది. నేను ఆ ప్రశ్న అడుగుతానని ఆమెకు ముందే తెలుసు. నా తరఫున కూడా ఆలోచించి వచ్చిందని అప్పుడు అర్థమైంది. నా చెవుల వేడి తగ్గింది అక్కడే.

తర్వాత చెప్పినది నేను ఇప్పటికీ కొత్తవాళ్లకు చెబుతాను. "స్లాబు పడిపోతుందని నేను అనడం లేదు సార్. సొంత బరువును బహుశా మోస్తుంది. పచ్చి కాంక్రీటు కనుక హాలు మధ్యలో కిందికి జారి అలాగే ఉండిపోవచ్చు. నా అసలు భయం పై స్లాబు వేసే రోజు గురించి." 150 మిల్లీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు సుమారు 375 కిలోలు. దాని మీద నేల పరుపుకు వంద, మనుషులకూ సామానుకూ రెండు వందలు కలిపి 675 కిలోలకు డిజైను చేస్తారు. పై అంతస్తు పోసే రోజున తన బరువు 375, పైన పచ్చి స్లాబు 375, సెంట్రింగ్‌కూ కూలీలకూ కనీసం 150. మొత్తం 900. అంటే పూర్తిగా గట్టిపడిన స్లాబు కూడా ఆ రోజున ఒంటరిగా ఉండకూడదు. దాని కింద జాకీలు ఉండి బరువును ఇంకా కిందికి పంపాలి. సగం బలం వచ్చిన స్లాబు సంగతి ఇక చెప్పేదేముంది?

1973 మార్చి 2న అమెరికాలోని వర్జీనియాలో, బెయిలీస్ క్రాస్‌రోడ్స్ అనే చోట, కడుతున్న భవనం ఒకటి ఇలాగే కూలింది. 24వ అంతస్తు కాంక్రీటు పోస్తున్నారు. 23వ అంతస్తు స్లాబు కింది ఆధారాలను ముందుగానే తీసేశారు. స్తంభాల దగ్గర స్లాబు చిల్లుపడి, పైవి కింది వాటి మీద పడుతూ నేల దాకా వచ్చాయి. 14 మంది కూలీలు చనిపోయారు. అది దూలాలు లేకుండా స్తంభాల మీదే కూర్చునే స్లాబు. మాది దూలాల మీది స్లాబు, దాని తీరు వేరు. కానీ తొందర ఒకటే. పై అంతస్తుకు సామాను కావాలి, అది కింది అంతస్తులో ఉంది.

ఇరవై రెండేళ్ల అనుభవం గురించి ఆమె ఒకే ఒక్కటి అడిగింది. "మీరు ఇంతకు ముందు పది రోజులకు విప్పించినవి ఎక్కువగా ఓపీసీతో వేసినవేనా సార్?" ఇందులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అవును, దాదాపు అన్నీ అవే. ఆ సైటులోనే మేము సిమెంటు మార్చాం. సిమెంటు మారింది కానీ నా లెక్క మారలేదు. నా అనుభవం అబద్ధమని ఆమె అనలేదు. అది ఏ కాంక్రీటు మీద వచ్చిన అనుభవమో నాకే గుర్తు చేసింది.

దారి కూడా తెచ్చింది. పై అంతస్తుకు ముందుగా కావలసినవి రేకులు. రేకులు ఊడదీసి జాకీలను వెంటనే తిరిగి బిగిస్తే స్లాబుకు మూడు రోజులు చాలని కోడ్ అంటుంది. చలి, పీపీసీ లెక్కేసుకున్నా పది రోజులకు ఆ పని చేసుకోవచ్చు. అయితే అంతా ఒకేసారి ఊడదీయకూడదు. ఒక్కో గది తీసుకుని, ఒక వరస రేకులు దింపి, అదే చోట జాకీ నిలబెట్టి, ఆ తర్వాతే పక్క వరసకు వెళ్లాలి. జాకీని స్లాబుకు ఆనేలా బిగించాలి, కొట్టి పైకి ఎత్తకూడదు. ఎత్తితే పచ్చి స్లాబుకు పై ముఖాన పగులు వస్తుంది. పైకి కావలసిన జాకీలు వారం పది రోజులు అద్దెకు తెచ్చుకోవాలి. ఆ అద్దె ఎంతో కూడా రాసుకొచ్చింది. పని ఒక్క రోజు ఆగితే మేము కూలీలకు ఇచ్చే డబ్బుకంటే తక్కువే.

గదిలో కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. కాంట్రాక్టరు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. "అలాగే చేద్దాం. జాకీలు ఇరవై ఒకటో రోజు దాకా ఉంచుదాం. అప్పటికి మళ్లీ క్యూబు చూసి తీద్దాం" అన్నాను. ఈ వాక్యం చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో ఆ గదిలో ఎవరికీ తెలియలేదనుకుంటాను.

తర్వాత నాకు ఆప్తుడైన ఒక పెద్ద ఇంజనీరు ఈ సంగతి విని, "చెప్పిందాంట్లో తప్పు లేదు, కానీ నలుగురిలో అనకుండా విడిగా వచ్చి చెప్పవలసింది" అన్నాడు. మన ఆఫీసుల్లో చాలామంది మాట ఇదే. నేను ఒప్పుకోను. విడిగా ఆమె చెప్పింది, నేను వినలేదు. ఒకవేళ సమావేశం అయ్యాక నా గదికి వచ్చి చెప్పి, నేను ఒప్పుకున్నా, కాంట్రాక్టరు అప్పటికే మేస్త్రికి చెప్పేసి ఉండేవాడు. "సార్ తీయమన్నారు" అన్న మాట సైటంతా తిరిగేది. మధ్యాహ్నం నేను వెళ్లి వద్దంటే, ఎందుకు వద్దో తెలియక సగం విని సగం వదిలేసేవారు. పది మంది విన్న నిర్ణయం మారాలంటే ఎందుకు మారుతోందో ఆ పది మందీ వినాలి. అందులోనూ జాకీ ఒకసారి తీసేస్తే స్లాబు వంగిన వంపు మళ్లీ వెనక్కి రాదు. మనిషి తీరు గురించో, పాత పొరపాటు గురించో అయితే విడిగా చెప్పడమే పద్ధతి, దానికి సమయం ఉంటుంది. రేపు పొద్దున జరగబోయే పనికి ఆ వీలు లేదు.

ఇంకొకటి కూడా నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ రోజు అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, అంత ధైర్యం అవసరమయ్యేలా ఆ గదిని పెట్టింది నేనేనని తెలిసింది. క్యూబు ఎంతకు పగిలిందో చెప్పడానికి గుండె దిటవు చేసుకోవలసి రావడం ఏమిటి? ప్రతి సమావేశంలోనూ ముందు నేను నిర్ణయం చెప్పేవాణ్ని, ఆ తర్వాత "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగేవాణ్ని. అప్పటికి అభ్యంతరం అంటే నన్ను కాదనడమే. అదే ప్రశ్నను ముందు అడిగి ఉంటే, "హాలుకు పద్నాలుగు రోజులు కావాలి సార్, క్యూబులు 12.8 ఉన్నాయి" అన్నది మామూలు సమాచారం అయ్యేది, ఎవరినీ కాదన్నట్టు ఉండేది కాదు. మన సైన్యంలో కోర్టు మార్షల్ జరిగినప్పుడు సభ్యుల అభిప్రాయాలను హోదాలో చిన్నవారితో మొదలుపెట్టి అడుగుతారు. పెద్ద అధికారి మాట విన్నాక చిన్న అధికారి సొంత మాట చెప్పడం కష్టమని క్రమశిక్షణకు పేరుపడ్డ సైన్యానికే తెలుసు. నేను ఆ పద్ధతిని మా సైటుకు తెచ్చుకున్నాను. ఇప్పుడు సోమవారాల్లో మొదట నాణ్యత పుస్తకం, తర్వాత స్టోర్సు, తర్వాత సైటు ఇంజనీర్లు, ఆపైన కాంట్రాక్టరు మాట్లాడతారు. నేను చివర. మొదట్లో సమావేశం పావుగంట ఎక్కువ పట్టేది, తర్వాత సర్దుకుంది.

ఆమె చెప్పినది నిజమని రుజువైందా అని అడిగేవాళ్లున్నారు. పద్నాలుగో రోజున ఆమె ఉంచిన మరో క్యూబుల జత 17 దాటింది. 28 రోజుల ల్యాబు క్యూబులు 27 చూపించాయి. స్లాబుకు ఏమీ కాలేదు. పదో రోజునే తీసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, బహుశా హాలు మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల వంపు తప్ప ఇంకేమీ కనపడేది కాదేమో. ఇలాంటి మాటకు రుజువు దొరకదు. దొరికిన చోట మనుషులు మిగలరు.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఆమె, నేను, సెంట్రింగ్ మేస్త్రి హాల్లో నిలబడ్డాం. గోడ నుంచి గోడకు స్లాబు కింద నూలు దారం లాగి కట్టించింది. నడిమి జాకీతో మొదలుపెట్టి అంచులకు రమ్మని మేస్త్రికి చెప్పింది. అలా అయితే బరువు స్లాబు మీదికి మెల్లగా వస్తుంది. మేస్త్రి మొదటి జాకీ పట్టు మీద సుత్తితో ఒక్కసారి తట్టి, చేత్తో తిప్పాడు. తేలిగ్గానే తిరిగింది. అంటే స్లాబు తన బరువును తనే మోస్తోంది, జాకీ మీద వేయడం లేదు. అన్నీ వదులయ్యాక ఆమె స్టూలెక్కి, దారానికీ స్లాబుకూ మధ్య స్కేలు పెట్టి చూసి, దిగి, పుస్తకంలో ఒక అంకె రాసింది. తర్వాత పుస్తకాన్ని నా వైపు తిప్పి, సంతకం పెట్టవలసిన గడి మీద వేలు ఉంచి, "సార్, మీరు కూడా ఒకసారి కొలవండి" అంది.

నేను స్టూలెక్కాను.